సరళరేఖా డిమాండ్: వ్యాకోచ, అవ్యాకోచ భాగాలను పోల్చుకోవడంలో జరిగే పొరపాట్లు

ధర మారినప్పుడు కొనేవాళ్ళు ఎంత మేరకు స్పందిస్తారో చెప్పే కొలత డిమాండ్ ధర వ్యాకోచత్వం. డిమాండ్ పరిమాణంలో వచ్చిన శాతం మార్పును ధరలో వచ్చిన శాతం మార్పుతో భాగిస్తే ఇది వస్తుంది. ధర పెరిగితే కొనుగోళ్ళు తగ్గుతాయి కాబట్టి జవాబు రుణసంఖ్యగా వస్తుంది. వాడుకలో ఆ గుర్తును వదిలేసి సంఖ్యనే చెప్పుకుంటారు. ఆ సంఖ్య 1 కంటే ఎక్కువైతే డిమాండ్ వ్యాకోచమైనది, తక్కువైతే అవ్యాకోచమైనది, సరిగ్గా 1 అయితే ఏకత్వ వ్యాకోచత్వం.

డిమాండ్ రేఖను సరళరేఖగా గీసినప్పుడు దాని వాలు మొదటి నుంచి చివరి దాకా ఒకటే. వ్యాకోచత్వం మాత్రం ఏ రెండు బిందువుల దగ్గరా ఒకటి కాదు. రేఖ పై కొసన అది అనంతం, మధ్యలో 1, కింది కొసన సున్నా. పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఒక వాక్యంలో ముగుస్తుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు కూడా ధర నిర్ణయించే పని మీద పడ్డాక ‘ఈ సరుకు డిమాండ్ వ్యాకోచమైనది’ అని సరుకు మొత్తానికీ ఒకే ముద్ర వేసేస్తుంటారు. వ్యాకోచత్వం రేఖ మీది బిందువుకు చెందిన గుణం, సరుకుకు చెందినది కాదు. ఈ వ్యాసంలో చర్చించే పొరపాట్లన్నీ అది మరిచిపోవడం వల్ల వచ్చేవే.

ఈ భావనకు పేరు పెట్టి, ఆర్థికశాస్త్రంలో స్థిరపరచినవాడు ఇంగ్లండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ మార్షల్. 1881లో సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో, తాము దిగిన బస డాబా మీద కూర్చుని ఆయన దీన్ని రూపొందించాడని భార్య మేరీ పేలీ మార్షల్ గుర్తుచేసుకున్నట్లు జాన్ మేనార్డ్ కీన్స్ రాశాడు. 1890లో వెలువడిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎకనామిక్స్’ ద్వారా అది లోకానికి అందింది. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1838లో, ఫ్రాన్సుకు చెందిన కూర్నో ఈ పేరు లేకుండానే దీని సారాన్ని పట్టుకున్నాడు. ఖర్చేమీ లేకుండా నీళ్ళిచ్చే ఖనిజ జలాల ఊట ఒకరి చేతిలోనే ఉంటే, ఏ ధర దగ్గర అతని రాబడి అత్యధికమవుతుందన్నది ఆయన వేసుకున్న ప్రశ్న.

ఒకే రేఖ, రెండు భాగాలు

ఒక చిన్న పట్టణంలో 400 సీట్ల సినిమాహాలు ఉందనుకుందాం. టికెట్టు 200 రూపాయలు పెడితే ఒక్కరూ రారు. ఊరికే చూపిస్తే 400 మంది వస్తారు. ధర రూపాయి తగ్గిన కొద్దీ ఇద్దరు చొప్పున పెరుగుతారు. సమీకరణంగా రాస్తే Q = 400 − 2P. కొనుగోళ్ళు సున్నా అయ్యే ఆ 200 రూపాయలను ఇక్కడ పై హద్దు ధర అందాం.

ధర 160 ఉన్నప్పుడు 80 మంది వస్తారు. టికెట్టు మీద ఒక్క రూపాయి తగ్గిస్తే ధర తగ్గుదల ఒక శాతం కంటే తక్కువ. పెరిగిన ఇద్దరు మాత్రం 80 మందిలో రెండున్నర శాతం. అంటే వ్యాకోచత్వం 4. అదే ధర 40 ఉన్నప్పుడు హాల్లో 320 మంది ఉంటారు. ఇక్కడ రూపాయి అంటే రెండున్నర శాతం, ఇద్దరు మనుషులంటే ఒక శాతంలో ఎనిమిదో వంతుల్లో అయిదు. వ్యాకోచత్వం 0.25. రెండు చోట్లా జరిగింది ఒకటే, రూపాయికి ఇద్దరు. మారింది ఆ రూపాయినీ ఆ ఇద్దరినీ దేనితో పోల్చామన్నదే. పైభాగంలో ధర పెద్దది, జనం తక్కువ. కిందిభాగంలో ధర చిన్నది, జనం ఎక్కువ.

సరళరేఖకు దీన్ని ఇంకా సులువుగా చెప్పవచ్చు. ఏ బిందువు దగ్గరైనా వ్యాకోచత్వం కావాలంటే అక్కడి ధరను, పై హద్దు ధరకూ ఆ ధరకూ ఉన్న తేడాతో భాగిస్తే చాలు: e = P / (A − P). ఇక్కడ A పై హద్దు ధర. మన హాల్లో 160 దగ్గర 160ని 40తో భాగిస్తే 4, 40 దగ్గర 40ని 160తో భాగిస్తే 0.25. డిగ్రీ విద్యార్థులు ‘బిందు పద్ధతి’ పేరుతో నేర్చుకునే, బిందువుకు దిగువనున్న రేఖాఖండాన్ని ఎగువ ఖండంతో భాగించే సూత్రం కూడా ఇదే. పై హద్దులో సగం, అంటే 100 రూపాయల దగ్గర, జవాబు 1. అక్కడ 200 మంది వస్తారు, రాబడి 20,000 రూపాయలు. ఈ రేఖ మీద ఇంతకు మించిన రాబడి ఎక్కడా లేదు. కూర్నో ఊట యజమాని ఆగవలసిన చోటు కూడా ఇలాంటి మధ్య బిందువే.

వాలు చూసి తీర్పు చెప్పడం

పాఠ్యపుస్తకాల్లో వ్యాకోచత్వ రకాలను చూపించే బొమ్మలు వరసగా ఉంటాయి. బల్లపరుపుగా సాగే రేఖ కింద సాపేక్ష వ్యాకోచ డిమాండ్ అనీ, నిటారుగా దిగే రేఖ కింద సాపేక్ష అవ్యాకోచ డిమాండ్ అనీ రాసి ఉంటుంది. ఈ బొమ్మలే విద్యార్థి మనసులో మొదటి తప్పును నాటుతాయని నా అభిప్రాయం. రేఖ ఎంత పరుపుగా కనిపిస్తుందన్నది మనం అక్షం మీద ఎంచుకున్న కొలమానాన్ని బట్టి కూడా ఉంటుంది. మనుషులను పదుల్లో గుర్తిస్తే ఒకలా, వందల్లో గుర్తిస్తే మరొకలా కనిపిస్తుంది. డిమాండేమో మారలేదు.

కొలమానం ఒకటే అయినా సమస్య తీరదు. పక్కనే ఉన్న పెద్ద పట్టణంలోనూ పై హద్దు ధర 200 రూపాయలే అనుకుందాం. అక్కడ ఉచితంగా చూపిస్తే 1,600 మంది వస్తారు, అంటే Q = 1600 − 8P. ఒకే కాగితం మీద గీస్తే ఈ రేఖ మొదటిదానికంటే చాలా పరుపుగా ఉంటుంది. చూసినవారెవరైనా పెద్ద పట్టణంలో డిమాండ్ ఎక్కువ వ్యాకోచమైనదనే అంటారు. పై సూత్రంలో వాలు లేనే లేదని గమనిస్తే ఆ భ్రమ పోతుంది. 120 రూపాయల దగ్గర రెండు ఊళ్ళలోనూ వ్యాకోచత్వం 1.5, 80 దగ్గర రెండింటా 0.67. పై హద్దు ధర ఒకటే అయినప్పుడు, వాలు ఎంత వేరైనా, ఏ ధర దగ్గర చూసినా రెండు రేఖల వ్యాకోచత్వం సమానమే. పెద్ద పట్టణంలో జనం నాలుగింతలు ఉన్నారంతే. వాళ్ళ స్వభావం వేరు కాదు.

పరుపు రేఖే ఎక్కువ వ్యాకోచమన్న మాట నిజమయ్యే సందర్భం ఒకటుంది. రెండు రేఖలు ఒకే బిందువు గుండా పోతున్నప్పుడు, ఆ బిందువు దగ్గర ధర, పరిమాణం రెండూ ఒకటే కాబట్టి, తేడా అంతా వాలు వల్లే వస్తుంది. పుస్తకాల్లోని బొమ్మలను ఇలా ఖండించుకునే రేఖలుగా గీస్తే సగం గందరగోళం తగ్గేది.

దీనికి తలకిందుల తప్పు కూడా ఉంది. వాలు మారలేదు కాబట్టి వ్యాకోచత్వమూ మారలేదనుకోవడం. పెద్ద హీరో సినిమా విడుదలైన వారం ఆ చిన్న పట్టణంలోనే ప్రతి ధర దగ్గరా 200 మంది అదనంగా వస్తారనుకుందాం: Q = 600 − 2P. రేఖ సమాంతరంగా కుడివైపుకు జరిగింది, పై హద్దు 300కు చేరింది. మామూలు వారంలో 120 దగ్గర 1.5గా ఉన్న వ్యాకోచత్వం ఇప్పుడు అదే 120 దగ్గర 0.67. మామూలు రోజుల్లో 120 వ్యాకోచ భాగంలోని ధర, విడుదల వారంలో అవ్యాకోచ భాగంలోని ధర. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భారీ సినిమాలకు మొదటి రోజుల్లో టికెట్టు ధర పెంచుకునేందుకు నిర్మాతలు ప్రభుత్వాల అనుమతి అడగడం వెనక ఉన్న లెక్క ఇదే.

ఇలాంటి వారాల్లో కొలతను పాడుచేసే మరో సంగతి హౌస్‌ఫుల్ బోర్డు. ధర 80 అయితే ఆ వారం 440 మంది రావాలి. సీట్లు 400 కాబట్టి అమ్ముడయ్యేవి 400 టికెట్లే. ధరను 120 నుంచి 80కి తగ్గించినవారికి పుస్తకంలో కనిపించే పెరుగుదల 360 నుంచి 400 దాకానే. గేటు దగ్గర నుంచి వెనక్కి వెళ్ళిన నలభై మంది ఏ లెక్కలోనూ ఉండరు. అందుకే అమ్మకాల నుంచి తీసిన వ్యాకోచత్వం అసలు డిమాండ్ వ్యాకోచత్వం కంటే తక్కువగా కనిపిస్తుంది.

ఏ ధరను ఆధారంగా తీసుకోవాలి

మామూలు వారానికి తిరిగి వద్దాం. యజమాని టికెట్టును 120 నుంచి 80కి తగ్గించాడు. ప్రేక్షకులు 160 నుంచి 240కి పెరిగారు. ధర 33 శాతం తగ్గింది, జనం 50 శాతం పెరిగారు. వ్యాకోచత్వం 1.5, కాబట్టి డిమాండ్ వ్యాకోచమైనదని అతని గుమాస్తా తేల్చాడు. నెల తరవాత ధరను తిరిగి 120 చేశారు. ఈసారి ధర 50 శాతం పెరిగింది, జనం 33 శాతం తగ్గారు. వ్యాకోచత్వం 0.67, డిమాండ్ అవ్యాకోచమైనదని అదే గుమాస్తా రాశాడు. దారి అదే, నడిచిన దిక్కు వేరు. రాబడి చూస్తే రెండు ధరల దగ్గరా 19,200 రూపాయలే.

దీన్ని చూసి శాతాల పద్ధతే తప్పని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. సరళరేఖ మీద మొదటి ధరను ఆధారంగా తీసుకుని చేసిన లెక్క, ఆ మొదటి బిందువు దగ్గరి వ్యాకోచత్వాన్ని సరిగ్గా ఇస్తుంది. 120 దగ్గర అది నిజంగానే 1.5, 80 దగ్గర నిజంగానే 0.67. గుమాస్తా కూడికలు, భాగహారాలు తప్పు కాదు. ఒక కొసన దొరికిన సంఖ్యను దారి మొత్తానికీ అంటించడమే తప్పు.

రెండు ధరల సగటునూ, రెండు పరిమాణాల సగటునూ ఆధారంగా తీసుకునేది చాప పద్ధతి. ఇక్కడ ధర మార్పు 100కి 40, అంటే 40 శాతం. జనం మార్పు 200కి 80, అదీ 40 శాతం. జవాబు 1. ఎటు నడిచినా ఇదే వస్తుంది. సరళరేఖ మీద ఈ జవాబు రెండు బిందువులకూ సరిగ్గా నడుమ ఉన్న బిందువు వ్యాకోచత్వం. అంతకు మించి అది ఏ కొస గురించీ చెప్పదు.

రాబడి పరీక్ష

ధర తగ్గించినప్పుడు మొత్తం రాబడి పెరిగితే వ్యాకోచం, తగ్గితే అవ్యాకోచం, మారకపోతే ఏకత్వం. మొత్తం వ్యయ పద్ధతిగా అందరికీ తెలిసిన ఈ పరీక్ష శాతాల జోలికి పోకుండా పని ముగిస్తుంది. చిన్న మార్పులకు దీనికి మించినది లేదు. పెద్ద మార్పుల దగ్గర మాత్రం ఇది ఇచ్చే జవాబు చాప పద్ధతి జవాబే. దాటిన దారి నడుమ ఏముందో చెబుతుంది, ఇప్పుడు నిలబడిన చోటు గురించి కాదు.

యజమాని ధరను 160 నుంచి ఒక్కసారిగా 60కి దించాడనుకుందాం. జనం 80 నుంచి 280కి పెరిగారు, రాబడి 12,800 నుంచి 16,800కి చేరింది. తగ్గిస్తే రాబడి పెరిగింది కదా, డిమాండ్ వ్యాకోచమైనదే, ఇంకా తగ్గిద్దామని 40కి దించాడు. 320 మంది వచ్చారు, రాబడి మళ్ళీ 12,800కు పడిపోయింది. మొదటి తగ్గింపులోనే అతను 100 రూపాయల శిఖరాన్ని ఎక్కి అవతలి వైపుకు దిగిపోయాడు. 60 దగ్గర నిలబడినప్పటికే వ్యాకోచత్వం 0.43. రాబడి పెరిగిందన్న సంతోషంలో, మధ్యలో దాటి వచ్చిన 20,000 అతనికి కనబడలేదు. ఇలాంటప్పుడు తెలుసుకోవడానికి తేలిక దారి, కొత్త ధరను అయిదో పదో అటూ ఇటూ కదిపి చూడటం. 60ని 65 చేస్తే రాబడి 17,550 అవుతుంది. పెంచితే పెరిగింది కాబట్టి నిలబడిన చోటు అవ్యాకోచ భాగమే.

రాబడి వేరు, లాభం వేరన్న సంగతి ఇక్కడ కొద్దిగా చెప్పుకోవాలి. టికెట్టుకు 40 రూపాయలు ఖర్చవుతుంటే, సరళరేఖ మీద లాభం అత్యధికమయ్యే ధర పై హద్దుకూ ఖర్చుకూ నడిమి ధర, అంటే 120. అక్కడ లాభం 12,800, రాబడి శిఖరమైన 100 దగ్గర 12,000. అంటే ఖర్చు ఉన్నప్పుడు సరిగ్గా ధర పెట్టుకున్న ఏకైక అమ్మకందారు ఎప్పుడూ వ్యాకోచ భాగంలోనే కనిపిస్తాడు. అది వ్యాకోచ భాగం కాబట్టి ధర తగ్గించమని సలహా ఇచ్చేవారు అతని రాబడిని పెంచి లాభాన్ని తగ్గిస్తారు.

పెన్నీ పోస్టు లెక్క

బ్రిటన్ తపాలా సంస్కరణ ఈ పొరపాట్లన్నీ ఒకేచోట దొరికే చారిత్రక ఉదాహరణ. 1830లలో అక్కడ ఉత్తరం రుసుము దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి ఉండేది. సాధారణంగా డబ్బు కట్టేది ఉత్తరం అందుకున్నవారు. రోలాండ్ హిల్ 1837లో ‘పోస్ట్ ఆఫీస్ రిఫార్మ్’ అనే కరపత్రం వేసి, దేశమంతటా ఒకే రుసుము, అరఔన్సుకు ఒక పెన్నీ, పెట్టమన్నాడు. ఉత్తరాలు అయిదు రెట్లు పెరుగుతాయనీ, ఖజానాకు పెద్ద నష్టం ఉండదనీ ఆయన అంచనా. 1839 డిసెంబరులో తాత్కాలికంగా నాలుగు పెన్నీల రుసుము వచ్చింది. 1840 జనవరి 10 నుంచి పెన్నీ రుసుము అమలైంది.

ఉచిత ఉత్తరాలను పక్కన పెడితే, 1839లో రుసుము కట్టి పంపినవి సుమారు 7.6 కోట్లు. 1840లో 16.9 కోట్లు. తపాలా స్థూల రాబడి సుమారు 23.9 లక్షల పౌండ్ల నుంచి 13.6 లక్షల పౌండ్లకు పడింది. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు. ఆ లెక్కన ఉత్తరానికి సగటు రుసుము సుమారు 7.5 పెన్నీల నుంచి 1.9 పెన్నీలకు దిగింది. పెన్నీ పోస్టు అన్నాక 1.9 ఎలాగంటే, బరువైన ఉత్తరాలకు ఎక్కువ పడేది, ముందే చెల్లించని వాటికి రెట్టింపు, విదేశీ ఉత్తరాల రుసుము వేరే.

మొదటి ఏడాదిని ఆధారంగా తీసుకుంటే ధర 75 శాతం తగ్గింది, ఉత్తరాలు 122 శాతం పెరిగాయి. వ్యాకోచత్వం 1.63. వ్యాకోచమైన డిమాండ్‌లో ధర తగ్గితే రాబడి పెరగాలి. ఇక్కడ 43 శాతం పడిపోయింది. రెండో ఏడాది నుంచి వెనక్కి లెక్కిస్తే జవాబు 0.19. చాప పద్ధతిలో 0.64. ఒకే సంఘటనకు మూడు జవాబులు.

రెండు బిందువులను కలుపుతూ సరళరేఖ గీస్తే ఈ మూడింటికీ చోటు దొరుకుతుంది. ధర 5.6 పెన్నీలు తగ్గితే ఉత్తరాలు 9.3 కోట్లు పెరిగాయి, అంటే పెన్నీకి సుమారు 1.66 కోట్లు. రేఖను పైకి పొడిగిస్తే ఉత్తరాలు సున్నా అయ్యే ధర సుమారు 12.1 పెన్నీలు, దాని సగం ఆరు పెన్నీల పైచిల్లర. పాత రుసుము 7.5 ఆ మధ్య బిందువుకు కాస్త పైన, వ్యాకోచ భాగంలో ఉంది. కొత్త రుసుము 1.9 అవ్యాకోచ భాగంలో చాలా లోతున ఉంది. 1.63 మొదటి బిందువుకు నిజం, 0.19 రెండోదానికి నిజం, 0.64 నడుమనున్న 4.7 పెన్నీలకు నిజం.

ఈ రేఖ ప్రకారం, 7.5 నుంచి 6 దాకా తగ్గించి ఉంటే రాబడి కాస్త పెరిగేది. 4.6 దగ్గర పాత స్థాయికి వచ్చేది. నాలుగు పెన్నీల దగ్గర స్వల్ప నష్టం. అక్కడి నుంచి తగ్గించిన ప్రతి పెన్నీతోనూ నష్టం ఇంకా వేగంగా పెరిగింది. రుసుము తగ్గిస్తే ఉత్తరాలు బాగా పెరుగుతాయన్న హిల్ నమ్మకం తప్పు కాదు. పాత రుసుము దగ్గర కనబడే స్పందనను రెండు పెన్నీల దాకా అలాగే పొడిగించుకోవడం దగ్గరే తేడా వచ్చింది. ధర నాలుగో వంతుకు దిగినప్పుడు రాబడి నిలవాలంటే ఉత్తరాలు నాలుగు రెట్లు కావాలి. రెట్టింపుకు కొంచెం పైన ఆగాయి. 122 శాతం పెరుగుదల అంటే చెవికి పెద్దగా వినిపిస్తుంది, కానీ పెరుగుదల శాతానికి పై హద్దు లేదు, తగ్గుదల శాతం నూరు దాటలేదు. పెద్ద ధర తగ్గింపును పాత ధర ఆధారంగా కొలిచినప్పుడల్లా స్పందన ఉన్నదానికంటే గొప్పగా కనిపించడానికి కారణం ఇదే.

తీసేసిన రాబడి అంతా నష్టమేనా అన్నది వేరే ప్రశ్న. లండన్ నుంచి ఎడింబరోకు ఒక ఉత్తరాన్ని మోసుకెళ్ళడానికి అయ్యే ఖర్చు పెన్నీలో ముప్పై ఆరో వంతు మాత్రమేనని హిల్ లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం చూస్తే, పాత రుసుములో చాలా భాగం ఉత్తరాల మీద వేసిన పన్నే. పన్ను వద్దనుకున్న ప్రభుత్వానికి అవ్యాకోచ భాగంలోకి దిగడం తప్పు కాదు, దిగుతున్నామని తెలిసి దిగితే చాలు. భారతదేశంలోనూ 1854లో దూరంతో పని లేకుండా పావు తులం ఉత్తరానికి అర్ధణా రుసుము వచ్చింది.

గీసిన రేఖకు ఉన్న హద్దులు

రెండు బిందువుల మధ్య ఎప్పుడూ ఒక సరళరేఖ గీయవచ్చు. డిమాండ్ నిజంగా సరళరేఖేనని దాని అర్థం కాదు. పైన తేలిన 12.1 పెన్నీల హద్దునే చూడండి. 1830లలో లండన్ నుంచి ఎడింబరోకు ఉత్తరం రుసుము షిల్లింగు దాటేది, అంటే 12 పెన్నీలకు పైనే. అయినా ఆ దారిన ఉత్తరాలు నడిచాయి. 7.5 అనేది దగ్గరి ఊళ్ళ చవక ఉత్తరాలనూ దూరపు ఖరీదైన ఉత్తరాలనూ కలిపి తీసిన సగటు. వర్తకుడి ఉత్తరానికీ, పని వెతుక్కుంటూ ఊరు వదిలిన కూలీ ఇంటికి రాసే ఉత్తరానికీ వేర్వేరు రేఖలుంటాయి. వాటన్నిటినీ కూడితే వచ్చేది చాలాసార్లు వంపు తిరిగిన రేఖ. కొలిచిన రెండు బిందువుల నడుమ సరళరేఖ ఉపయోగపడుతుంది, వాటి అవతలికి పొడిగిస్తే నమ్మకం సన్నగిల్లుతుంది. ఇబ్బందేమిటంటే వ్యాకోచత్వం సరిగ్గా ఆ పొడిగించిన చివర, పై హద్దు ధర, మీదే ఆధారపడి ఉంది.

నేటి గణాంక అంచనాల్లోనూ ఈ చిక్కు అలాగే ఉంది. సరళరేఖను సమాచారానికి సరిపెట్టినవారు సాధారణంగా సగటు ధర, సగటు పరిమాణం దగ్గర వ్యాకోచత్వాన్ని లెక్కించి ఒక్క సంఖ్యగా ప్రకటిస్తారు. నివేదిక చదివినవారి చేతికి 0.8 అన్న సంఖ్య వస్తుంది, అది ఏ ధర దగ్గరిదో రాదు. పన్ను వేసి ఆ ధరను రెట్టింపు చేసే ఆలోచనలో ఉన్నవారికి ఆ 0.8 పనికిరాదు. సరళరేఖ మీద 0.8 ఉన్న ధర పై హద్దులో తొమ్మిదింట నాలుగు వంతులు. రెట్టింపు చేస్తే తొమ్మిదింట ఎనిమిది వంతులకు చేరి, అక్కడ వ్యాకోచత్వం 8 అవుతుంది. అవ్యాకోచమని నమ్మి వేసిన పన్ను కొనుగోళ్ళను దాదాపు తుడిచిపెడుతుంది.

కాలం తెచ్చే తేడా ఇంకొకటి. పెన్నీ పోస్టులో 1840 ఒక్క ఏడాదినే చూశాం. 1850 నాటికి ఉత్తరాలు సుమారు 34.7 కోట్లకు, స్థూల రాబడి సుమారు 22.6 లక్షల పౌండ్లకు చేరాయి. సగటు రుసుము 1.6 పెన్నీలు. 1839 బిందువును దీనితో కలిపి చాప పద్ధతి వాడితే వ్యాకోచత్వం ఇంచుమించు 1. పదేళ్ళలో జనం చవక తపాలాకు అలవాటు పడి ఉత్తరాలు రాయడం పెంచారని దీన్ని చదవవచ్చు, దీర్ఘకాలంలో డిమాండ్ ఎక్కువ వ్యాకోచంగా ఉంటుందన్న సాధారణ సూత్రానికీ అది సరిపోతుంది. అయితే ఆ పదేళ్ళలోనే రైలు మార్గాలు దేశమంతా అల్లుకున్నాయి, జనాభా పెరిగింది, వ్యాపారం పెరిగింది. రుసుము 7.5 పెన్నీల దగ్గరే ఉండి ఉన్నా 1850లో ఉత్తరాలు 7.6 కోట్ల దగ్గర ఆగేవి కావు. అంటే 1839, 1850 బిందువులు ఒకే డిమాండ్ రేఖ మీదివి కావు. కుడివైపుకు జరిగిన రేఖ మీది కింది బిందువును పాత రేఖ మీది పై బిందువుతో కలిపితే, ఆ గీత అసలు రేఖలు రెండింటికంటే పరుపుగా వస్తుంది, స్పందన ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది. రుసుము వల్ల పెరిగిన ఉత్తరాలెన్ని, రైళ్ళ వల్ల పెరిగినవెన్ని అన్నది ఈ రెండు బిందువులను మాత్రమే పట్టుకుని విడదీయడానికి వీలులేదు.